చార్జింగ్ పెడితే స్క్రీన్ దానంతట అదే టైప్ చేస్తోంది: చార్జర్ డూప్లికేటా, ఫోన్ పోయిందా?

మిర్యాల_రైస్
కొత్త చార్జర్ కొన్నప్పటి నుంచి ఈ గోల. చార్జింగ్‌లో ఉండగా వాట్సాప్ తెరిస్తే ఒకచోట నొక్కితే ఇంకోచోట పడుతుంది, దానంతట అదే అక్షరాలు కొట్టేస్తుంది. మిల్లు ఓనర్‌కి ఏవేవో పిచ్చి మెసేజ్‌లు వెళ్లిపోయాయి. పాత చార్జర్ పిన్ను విరిగితే నల్గొండలో ఒక షాపులో తీసుకున్నా, 250 రూపాయలు, డబ్బా మీద మా ఫోన్ కంపెనీ పేరే ఉంది. షాపతనేమో చార్జర్ ఒరిజినలే, నీ ఫోన్ డిస్‌ప్లే పోయింది, మార్చాలంటే 2,800 అంటున్నాడు. పైగా ఈమధ్య బ్యాటరీ 30 శాతం ఉండగానే ఫోన్ టపీమని ఆఫ్ అయిపోతోంది. ఫోన్ కొని రెండున్నరేళ్లు. తప్పు చార్జర్‌దా, ఫోన్‌దా? డిస్‌ప్లే మార్పించేలోపు ఎవరైనా చెప్పండి.

కల్వకుర్తి_కుర్రోడు
ముందు ఓనర్‌కి ఏం వెళ్లిందో చెప్పు అన్నా. "జీతం పెంచండి" అని వెళ్లుంటే చార్జర్ పక్కా ఒరిజినల్.

పాలమూరు_మల్లన్న
250కి ఒరిజినల్ ఎక్కడిది తమ్మీ, డూప్లికేటే. చిన్న పరీక్ష ఉంది. చార్జర్ ప్లగ్గులో పెట్టి, కేబుల్ చివరన ఉన్న ఇనుముకు కరెంటోళ్ల టెస్టర్ ఆనించు. లోపల లైటు వెలిగితే డూప్లికేట్, వెలగకపోతే ఒరిజినల్. ఇంకో మాట, డబ్బా మీద ఆంపియర్లు చూడు. నీ ఫోన్‌కి 2 ఆంపియర్లు కావాల్సినచోట 3 ఆంపియర్ల చార్జర్ పెడితే కరెంట్ ఎక్కువ తోసి బ్యాటరీని ఉబ్బిస్తుంది. 30 శాతంలో ఆఫ్ అవడం దాని వల్లే.

సోల్డర్_గన్
డిస్‌ప్లే ఇప్పుడే మార్పించకు. ముందు ఈ పని చెయ్. అదే కేబుల్‌ని చార్జర్ నుంచి తీసి ఎవరిదైనా పవర్ బ్యాంక్‌కి పెట్టి ఫోన్ చార్జ్ చెయ్. పవర్ బ్యాంక్ మాత్రం గోడ ప్లగ్గులో ఉండకూడదు. అప్పుడు స్క్రీన్ గంతులేయకుండా బుద్ధిగా ఉంటే డిస్‌ప్లే బాగానే ఉంది, కేబుల్ కూడా బాగానే ఉంది, తప్పు చార్జర్‌ది. పవర్ బ్యాంక్ మీద కూడా గంతులేస్తే అప్పుడు ఫోన్ గురించి ఆలోచిద్దాం. రూపాయి ఖర్చు లేదు.

మల్లన్నా, టెస్టర్ పరీక్ష నమ్మొద్దు. మంచి చార్జర్‌కి కూడా టెస్టర్ మసకగా వెలుగుతుంది. ఎందుకో తీరిగ్గా రాస్తా, షాపులో కస్టమర్ ఉన్నాడు.

మిర్యాల_రైస్
మా బావమరిది పవర్ బ్యాంక్ తెచ్చి చూశా. ఒక్క గంతు లేదు! పావుగంట టైప్ చేశా, ఎక్కడ నొక్కితే అక్కడే పడింది. మళ్లీ గోడ చార్జర్‌కి మార్చగానే మొదలు.

దేవరకొండ_దుర్గ
అంటే ఆ షాపతను 2,800 ఊరికే లాగేసేవాడన్నమాట.

గడియారం_సెంటర్
అందరినీ ఒకే గాటన కట్టకండి. నాదీ మొబైల్ షాపే. కస్టమర్ వచ్చి మొదట అడిగేది "తక్కువలో ఏముంది" అని. కంపెనీ చార్జర్ 900 అంటే వెళ్లిపోతాడు, పక్క షాపులో 200కి కొంటాడు. హోల్‌సేల్‌లో ఫస్ట్ కాపీ అని మాకు చెప్పే ఇస్తారు, నేనూ కస్టమర్‌కి చెప్పే ఇస్తా. అయినా నాలుగేళ్లుగా అమ్ముతున్నా, ఒక్క ఫోన్ పేలిందా?

సోల్డర్_గన్
@గడియారం_సెంటర్, ఫస్ట్ కాపీ అని చెప్పి అమ్మితే నీతో నాకు పేచీ లేదు, కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మడంతోనే పేచీ. పేలడం అన్నది మాత్రం తప్పు కొలత. పేలేవి చాలా తక్కువ. మా మహబూబ్‌నగర్ షాపుకి వచ్చేవి చార్జింగ్ ఐసీ పోయినవి, జాక్ కాలినవి, షార్టింగ్ అయినవి. కస్టమర్ వాటిని చార్జర్‌తో ముడిపెట్టడు కాబట్టి నీ దాకా ఫిర్యాదు రాదు.

@మిర్యాల_రైస్, ఇప్పుడు ఎందుకో చెప్తా. టచ్ స్క్రీన్ నీ వేలు ఆనినచోట కలిగే చాలా చిన్న విద్యుత్ మార్పును కొలిచి వేలు ఎక్కడుందో కనిపెడుతుంది. చార్జర్ లోపల 230 వోల్టుల కరెంట్‌ని సెకనుకు వేల సార్లు ఆపుతూ వదులుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి 5 వోల్టులు చేస్తారు. ఆ తెంచుడు వల్ల పుట్టే రొద ఇవతలికి రాకుండా, గోడ వైపుకీ ఫోన్ వైపుకీ మధ్య ఒక ప్రత్యేకమైన కెపాసిటర్ పెట్టాలి, ట్రాన్స్‌ఫార్మర్ కూడా పద్ధతిగా చుట్టాలి. కాపీ సరుకులో ఖర్చు తగ్గించేది సరిగ్గా అక్కడే. అప్పుడు ఫోన్ మొత్తం ఆ రొదతో కిందికీ పైకీ ఊగుతుంది, నువ్వేమో నేల మీద నిలబడి ఉన్నావు, నీ వేలికీ స్క్రీన్‌కీ మధ్య ఆ తేడాని టచ్ ఐసీ ఇంకో నాలుగు వేళ్లు అనుకుంటుంది. పవర్ బ్యాంక్‌కి గోడతో సంబంధం లేదు కాబట్టి ఆ ఊగుడు లేదు.

ఆ కెపాసిటర్ మంచి చార్జర్లో కూడా ఉంటుంది కాబట్టి దాని గుండా అతి కొద్దిగా కరెంట్ ఇవతలికి వస్తుంది. తడికాళ్లతో ఉండి ఫోన్ మెటల్ అంచు ముట్టుకుంటే సన్నగా జివ్వుమనేది అదే. టెస్టర్‌లో మసక లైటూ అదే. కాబట్టి మల్లన్న టెస్టర్‌తో మంచి చార్జర్లు కూడా చెత్తబుట్టలో పడతాయి.

పాలమూరు_మల్లన్న
సరే, టెస్టర్ మాట వదిలేస్తా. మరి ఆంపియర్ల సంగతి? మా ఇంటిపక్క అబ్బాయి ఫోన్ ఉబ్బి వెనకడొప్ప లేచింది, వాడు పెట్టింది లాప్‌టాప్‌దంత పెద్ద చార్జర్.

సోల్డర్_గన్
చార్జర్ కరెంట్ తోయదన్నా, ఫోన్ లాక్కుంటుంది. 2 ఆంపియర్లు తీసుకునే ఫోన్‌ని 5 ఆంపియర్లు ఇవ్వగల చార్జర్‌కి పెట్టినా 2 మాత్రమే తీసుకుంటుంది. బ్యాటరీని నింపే పని చార్జర్‌ది కాదు, ఫోన్ లోపలి చార్జింగ్ ఐసీది. బ్యాటరీ 4.4 వోల్టుల దగ్గరికి రాగానే కరెంట్ తగ్గించి ఆపేసేది అదే. మీరు భయపడాల్సింది వోల్టుల గురించి. 5 రావాల్సినచోట 7, 8 వస్తే ఫోన్ ఆపలేకపోవచ్చు.

ఆ అబ్బాయి బ్యాటరీ ఉబ్బడానికి నా అనుమానం వేడి. చార్జింగ్‌లో పెట్టి దిండు కింద పెట్టుకుని ఆడేవాడా?

పాలమూరు_మల్లన్న
గేమ్ ఆడుతూనే నిద్రపోతాడు. దిండు సంగతి వాళ్లమ్మనడగాలి.

సూర్యాపేట_అక్క
మా బాబు ఫోన్‌ది కూడా ఇదే సమస్య అనుకుంటా. చార్జింగ్ చాలా స్లో. ఫోన్‌తో వచ్చిన ఒరిజినల్ చార్జరే, కేబుల్ మాత్రం బస్టాండ్ దగ్గర కొన్నాం, 60 రూపాయలు. రాత్రంతా పెడితే తప్ప నిండదు. చార్జర్ డూప్లికేట్ ఇచ్చారంటారా కంపెనీవాళ్లే?

దేవరకొండ_దుర్గ
అక్కా, మీది వేరే కథ. చార్జర్ ఒరిజినల్ అని మీరే చెప్తున్నారు కదా, 60 రూపాయల కేబుల్‌ని అడగండి.

సోల్డర్_గన్
దుర్గ చెప్పింది నిజం. చవక కేబుల్లో రాగి తీగ వెంట్రుకంత ఉంటుంది, కొన్నింటిలో రాగి కూడా కాదు, అల్యూమినియం మీద రాగి పూత. లెక్క చూడండి. కేబుల్ మీద 28AWG అని ఉంటే, ఒక మీటరు పొడవుకి పోనూ రానూ కలిపి దాదాపు 0.4 ఓం అడ్డు. అందులో 2 ఆంపియర్లు పంపితే 0.8 వోల్టు కేబుల్లోనే పోతుంది, ఫోన్‌కి 4.2 మిగులుతుంది. అంత తక్కువతో బ్యాటరీ నిండదు కాబట్టి ఫోన్ తానే లాగడం తగ్గించుకుంటుంది, అదే మీ స్లో. 24AWG తీగ అయితే అదే 2 ఆంపియర్లకి మూడో వంతు వోల్టు పోతుంది అంతే. ఈ నంబర్ చిన్నదయ్యేకొద్దీ తీగ లావు. చవక కేబుల్ మీద నంబర్ రాసి ఉన్నా నమ్మలేం, అది వేరే బాధ.

స్లో అయినంత మాత్రాన బ్యాటరీ పాడవదు, ఆ విషయంలో టెన్షన్ వద్దు. చార్జింగ్ పెట్టిన పావుగంటకి జాక్ దగ్గర కేబుల్ చివర పట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆ కేబుల్ తీసేయండి. లోపల పిన్నులు వదులై కాలుతున్నాయి, కొన్నాళ్లకి ఫోన్ జాక్ కూడా పోతుంది.

సూర్యాపేట_అక్క
వేడి లేదు. కేబుల్ మారుస్తా. మా బాబు ఇదంతా చదివి "నాకు కొత్త ఫోన్ కావాలి" అంటున్నాడు, అది ఎక్కడ రాశారో నాకు కనిపించలేదు.

ఫీడర్_నంబర్_3
నేను విద్యుత్ శాఖలో ఏఈగా రిటైరయ్యాను. ఒక కోణం ఎవరూ చెప్పలేదు. పల్లెల్లో గాలివానకి ఎల్‌టీ లైన్ న్యూట్రల్ తెగితే ఇళ్లలోకి 230 బదులు 300 దాటి, ఒక్కోసారి 400 దగ్గరకు వస్తుంది. మంచి చార్జర్ అప్పుడు తానే చచ్చిపోతుంది, ఫ్యూజ్ పోతుంది, కథ అక్కడితో ఆగుతుంది. ఫ్యూజే లేని చార్జర్ ఏం చేస్తుందో ఊహించండి. మిర్యాల_రైస్ గారూ, మీ ఇంట్లో బల్బులు ఒక్కసారిగా వెలుగు పెరిగి తగ్గుతున్నాయా? అలా ఉంటే చార్జర్ కన్నా ముందు లైన్‌మన్‌కి ఫోన్ చేయండి.

మిర్యాల_రైస్
లేదు సార్, టౌన్‌లోనే ఉంటున్నాం, కరెంట్ బాగానే ఉంది. ఇంతకీ ఇది డూప్లికేట్ అని బయట నుంచి ఎలా తెలుసుకోవాలి? దీని మీద 33W అని పెద్దగా ఉంది.

దేవరకొండ_దుర్గ
33W కింద చిన్న అక్షరాల్లో Output అని ఉంటుంది, అక్కడ ఏముందో ఉన్నది ఉన్నట్టు రాయండి.

మిర్యాల_రైస్
Output: 5V 2.4A. ఇంకేం లేదు.

దేవరకొండ_దుర్గ
5ని 2.4తో గుణిస్తే 12. అంటే 12 వాట్ల చార్జర్ మీద 33 అని అచ్చేశారు. నిజమైన 33 వాట్లదైతే 9 వోల్టులో, 11 వోల్టులో ఇంకో వరుస తప్పకుండా ఉండాలి. మీ డూప్లికేట్ తానే ఒప్పుకుంది.

కల్వకుర్తి_కుర్రోడు
దొంగ సంతకం పెట్టి పోయాడు.

గడియారం_సెంటర్
బీఐఎస్ నంబర్ చూసుకోమనండి, గొడవే ఉండదు. ISI లాంటి గుర్తు పక్కన R- అని మొదలై 8 అంకెలు ఉంటాయి. BIS Care యాప్‌లో కొడితే ఏ కంపెనీదో వచ్చేస్తుంది. నా షాపులో ఆ నంబర్ లేని అడాప్టర్ పెట్టను.

సోల్డర్_గన్
ఆ నంబర్ లేకపోతే కొనొద్దు, ఒప్పుకుంటా. ఉంటే మాత్రం ఒరిజినల్ అని కాదు. అసలు చార్జర్ మీది నంబర్‌ని అక్షరం పొల్లు పోకుండా కాపీ మీద అచ్చేస్తున్నారు, యాప్ ఆ నంబర్ సరైనదే అంటుంది. యాప్‌లో నంబర్ ఒక్కటే కాకుండా తయారీదారు పేరు, బ్రాండ్, మోడల్ కూడా వస్తాయి. చేతిలోని చార్జర్ మీద మోడల్ నంబర్‌తో వాటిని పోల్చు. బద్ధకపు కాపీలు అక్కడ దొరికిపోతాయి, టీవీ అడాప్టర్ నంబర్ తెచ్చి ఫోన్ చార్జర్ మీద వేసినవి నేను చూశాను. జాగ్రత్తగా చేసిన కాపీ దొరకదు.

ఫీడర్_నంబర్_3
మరి ఖాయంగా తేలేది ఎలా?

సోల్డర్_గన్
రెండు దారులు సార్. మొదటిది యూఎస్‌బీ మీటర్, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది. చార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య పెడితే వోల్టులు, ఆంపియర్లు చూపిస్తుంది. ఫోన్ చార్జ్ సగం కన్నా తక్కువ ఉన్నప్పుడే చూడాలి, 80 దాటాక ఫోనే కరెంట్ తగ్గించేస్తుంది, మంచి చార్జర్ కూడా చెడ్డగా కనిపిస్తుంది. ఫోన్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి రాసుకోవాలి.

ఇలాంటిదే ఒకటి నా బల్ల మీద ఉంది, దీని మీద కూడా 5V 2.4A అనే. ఏమీ పెట్టకుండా 5.4 చూపించింది, అదే కాస్త ఎక్కువ. అర ఆంపియర్‌కి 5.0, ఒక ఆంపియర్‌కి 4.6, లోపల నుంచి సన్నగా ఈల. ఒకటిన్నర లాగేసరికి ఆగుతూ మొదలవుతూ ఉంది, మీటర్ ఆరి వెలుగుతోంది. పక్కనే కంపెనీ చార్జర్ పెడితే ఖాళీగా 5.1, 2 ఆంపియర్లకి కూడా 5కి దగ్గరే. మామూలు 5 వోల్టుల చార్జర్ 4.75కీ 5.25కీ మధ్య ఉంటే మంచిదే. ఫాస్ట్ చార్జర్ అయితే ఫోన్ అడిగితే 9, 11 చూపిస్తుంది, అది తప్పు కాదు, ఫోన్ పెట్టకుండానే చూపిస్తే తప్పు.

రెండోది విప్పి చూడడం. విప్పాక ఎవరూ మళ్లీ ప్లగ్గులో పెట్టొద్దు. ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, చేతులతో ముట్టొద్దు. నా దగ్గరున్నది విప్పితే ఫ్యూజ్ లేదు. ఇవతలి వోల్టులు ఎంతున్నాయో అవతలికి చెప్పే నాలుగు కాళ్ల చిన్న నల్ల ఐసీ లేదు, అందుకే లోడ్ పడగానే వోల్టులు జారిపోయాయి. గోడ వైపుకీ ఫోన్ వైపుకీ మధ్య ఉండాల్సిన ఆ ప్రత్యేకమైన కెపాసిటర్ బదులు మామూలు నీలం రంగు బిళ్ల ఉంది. అక్కడి కెపాసిటర్‌కి Y1 అనే గుర్తు ఉండాలి, పాడైనా షార్ట్ కాకుండా తెరుచుకునేలా చేసిన రకం అది. మామూలు బిళ్ల షార్ట్ అయితే గోడ కరెంట్ నేరుగా నీ ఫోన్ అంచుకి వస్తుంది. బోర్డు కింద 230 వైపు గీతకీ 5 వోల్టుల గీతకీ మధ్య మంచిదాంట్లో 6 మిల్లీమీటర్లు అయినా ఖాళీ వదులుతారు, చాలావాటిలో అక్కడ బోర్డునే కోసి గాడి పెడతారు. ఇందులో ఒక మిల్లీమీటర్ కూడా లేదు. వానాకాలం తేమకి, ఒక చీమ దూరినా చాలు.

కల్వకుర్తి_కుర్రోడు
మా ఇంట్లో చార్జర్లోకి చీమలు నిజంగానే పోతాయి. ఇవాళ్టి నుంచి చెప్పులేసుకుని చార్జింగ్ పెడతా.

గడియారం_సెంటర్
మీరు చెప్పినవన్నీ ఉన్నది 250కి రాదు కదా. అదీ సంగతి. 400కి పేరున్న కంపెనీ 10 వాట్లది దొరుకుతుంది, స్లో అంటారని ఎవరూ కొనరు. అందరికీ 33, 65, 120 కావాలి.

సోల్డర్_గన్
ఇది మాత్రం వంద శాతం నిజం. నిజమైన 10 వాట్లది దొంగ 65 కన్నా త్వరగా నింపుతుంది, చాలాసార్లు చూశా.

పాలమూరు_మల్లన్న
కేబుల్ గురించి ఒకటి విన్నా. టైప్-సీ కేబుల్లోనే ఏదో చిప్ ఉంటుందట, అది తప్పుంటే కాలుతుందట. ఇదీ నా టెస్టర్ లాంటిదేనా?

దేవరకొండ_దుర్గ
ఇది నిజమే, చిప్ కాదు, రెసిస్టర్. ఒక చివర పాత వెడల్పు పిన్ను, ఇంకో చివర టైప్-సీ ఉన్న కేబుల్లో 56 కిలో ఓంల రెసిస్టర్ ఉండాలి. "ఇది మామూలు చార్జర్, చూసి లాగు" అని ఫోన్‌కి చెప్పేది అదే. కొన్ని చవక కేబుళ్లలో 10 కిలో ఓంలది పెట్టారు, అది "3 ఆంపియర్లు లాగొచ్చు" అని చెప్తుంది. పాత చిన్న చార్జర్‌కో, కంప్యూటర్ పోర్ట్‌కో అది పెడితే పాపం అవి తమ శక్తికి మించి ఇవ్వాలి. కాలేది ఫోన్ కాదు, అవతలి వైపు. రెండు చివర్లా టైప్-సీ అయితే ఈ గొడవ లేదు.

మిర్యాల_రైస్
షాపుకి వెళ్లా. 33 ఎలా వచ్చిందో గుణించి చూపించమన్నా. ముందు కాసేపు కసిరాడు, తర్వాత బిల్లు ఉందా అన్నాడు. బిల్లు ఇవ్వలేదు కదా! యూపీఐ పేమెంట్ చూపించా, సగం డబ్బు ఇస్తానంటున్నాడు.

ఫీడర్_నంబర్_3
పేమెంట్ స్క్రీన్‌షాట్, డబ్బా, చార్జర్ ఫొటోలు దాచుకోండి. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు రాసుకుంటారు. బీఐఎస్ మార్కు దుర్వినియోగం అయితే BIS Care యాప్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. 125 రూపాయల కోసం అంత తిరుగుతారా అన్నది మీ ఇష్టం.

మిర్యాల_రైస్
తిరిగే ఓపిక లేదు సార్, మిల్లులో సీజన్. సగం తీసుకున్నా, చార్జర్ మాత్రం వాడికి తిరిగివ్వలేదు, మళ్లీ ఎవరికో అంటగడతాడని. కంపెనీ సర్వీస్ సెంటర్లో కొత్తది కొన్నా. స్క్రీన్ గంతులు పూర్తిగా పోయాయి. 30 శాతం దగ్గర ఆఫ్ అవడం మాత్రం అలాగే ఉంది. ఆ చార్జరే బ్యాటరీని తినేసిందా?

సోల్డర్_గన్
తేల్చి చెప్పలేను. 30 దగ్గర ఆఫ్ అవుతోందంటే బ్యాటరీ లోపలి అడ్డు పెరిగింది. కెమెరా తెరిచినప్పుడో, కాల్ వచ్చినప్పుడో ఒక్కసారిగా కరెంట్ లాగితే వోల్టులు పడిపోయి ఫోన్ ఆపేసుకుంటుంది. రెండున్నరేళ్ల బ్యాటరీ, మన నల్గొండ ఎండలు, మిల్లు వేడి, వీటికే ఇలా అవ్వొచ్చు. 45 డిగ్రీలు దాటిన బ్యాటరీని చార్జ్ చేయడం అన్నిటికన్నా చేటు. ఆ చార్జర్ ఆగుతూ మొదలవుతూ గంటల తరబడి ఫోన్‌ని వెచ్చగా ఉంచి ఉంటే కొంత పాపం దానిదీ అవుతుంది, ఎంతన్నది ఎవరూ కొలవలేరు.

ఒకటి మాత్రం చూసుకో. కొత్త చార్జర్ మీద, గేమ్ ఏదీ ఆడకుండా, ఫ్యాన్ కింద పెట్టి చార్జ్ చెయ్. అప్పుడు కూడా ఫోన్ పైభాగంలో ఒకేచోట బాగా కాలుతుంటే చార్జింగ్ ఐసీ దెబ్బతిని ఉండొచ్చు, బ్యాటరీ మార్చే ముందు అది చూపించు, లేకపోతే కొత్త బ్యాటరీకీ అదే గతి. ఫోన్ అంతటా సమంగా గోరువెచ్చగా ఉంటే ఒక్క బ్యాటరీ మారిస్తే చాలు. వెనకడొప్ప ఎక్కడైనా లేచినట్టు కనిపిస్తే మాత్రం చార్జింగ్ పెట్టడం ఆపేసి అదే రోజు షాపుకి తీసుకెళ్లు, నొక్కి సరిచేయాలని చూడకు.

పాలమూరు_మల్లన్న
బ్యాటరీలలో కూడా డూప్లికేట్లు ఉంటాయి కదా, అవెట్లా కనిపెట్టాలి?

సోల్డర్_గన్
దానికి ఇంకో థ్రెడ్ పెట్టన్నా, ఇక్కడే రాస్తే తెల్లారుతుంది.

మిర్యాల_రైస్
ఫ్యాన్ కింద పెట్టి చూశా, అంతటా సమంగానే ఉంది, డొప్ప లేవలేదు. ఆదివారం బ్యాటరీ మార్పిస్తున్నా. ఆ పాత చార్జర్ ఎవరైనా విప్పి చూస్తానంటే ఇస్తా.

దేవరకొండ_దుర్గ
నాకివ్వండి. కాలేజీలో పిల్లలకి ఆ మిల్లీమీటర్ ఖాళీ చూపించాలి.